విదేశీ క్లయింటుకు బిల్లు వేసేముందు

మన దేశంలో కూర్చుని విదేశంలోని క్లయింటుకు సేవలు అమ్మితే దాని మీద జీఎస్టీ సున్నా. వెబ్‌సైట్ తయారు చేసినా, అనువాదం చేసినా, లెక్కలు రాసిపెట్టినా, వీడియో ఎడిట్ చేసినా ఇదే వర్తిస్తుంది. ఈ మాట విని చాలామంది ఫ్రీలాన్సర్లు జీఎస్టీ తమకు సంబంధించిన వ్యవహారం కాదని అనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. చట్టం ఎగుమతిని పన్ను పరిధి నుంచి బయటకు తీసేయలేదు. పన్ను పరిధిలోనే ఉంచి, రేటును మాత్రం సున్నా చేసింది. ఆ సున్నా వర్తించాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. వాటిలో ఒక్కటి తప్పినా అదే బిల్లు మీద 18 శాతం పన్ను పడుతుంది.

ఆదాయపు పన్ను దీనికి పూర్తిగా వేరు. డాలర్లలో వచ్చినా రూపాయల్లో వచ్చినా భారత నివాసి సంపాదన మీద ఆదాయపు పన్ను ఎప్పటిలాగే ఉంటుంది. ఈ వ్యాసం జీఎస్టీకే పరిమితం: ఎప్పుడు నమోదు కావాలి, ఎగుమతి అంటే ఏది, ఇన్‌వాయిస్‌లో ఏం రాయాలి, డబ్బు ఏ దారిన రావాలి.

సేవలు అమ్మేవారి వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సేవలకు పరిమితి ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో వినిపించే 40 లక్షల పరిమితి సరుకులు మాత్రమే అమ్మేవారిది, సేవలు అమ్మేవారికి అది పనికిరాదు. ఎగుమతిని చట్టం రాష్ట్రాంతర సరఫరాగా చూస్తుంది కాబట్టి మొదటి డాలరు రాగానే నమోదు కావాలని కొందరు భయపెడతారు. 2017 జులైలో జీఎస్టీ మొదలైన కొత్తలో ఆ భయానికి ఆధారం ఉండేది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన నోటిఫికేషన్‌తో, 20 లక్షలు దాటని సేవాదారులకు రాష్ట్రాంతర సరఫరా ఉన్నా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు దక్కింది. పరిమితి లోపల ఉన్నవారు రిజిస్ట్రేషన్ లేకుండానే విదేశాలకు సేవలు అమ్ముకోవచ్చు. అప్పుడు వారి బిల్లు మామూలు బిల్లే, దాని మీద జీఎస్టీ ప్రస్తావన ఉండకూడదు.

20 లక్షల లెక్క వేసేటప్పుడే ఎక్కువమంది పొరబడతారు. దీన్ని పాన్ నంబరు ఆధారంగా, దేశం మొత్తానికి కలిపి వేయాలి. పన్ను పడే సరఫరాలు, పన్ను మినహాయింపు ఉన్నవి, ఎగుమతులు అన్నీ ఇందులోకి వస్తాయి. సున్నా పన్ను కదా అని ఎగుమతుల్ని వదిలేయడం తప్పు. అదే పాన్ మీద దుకాణం గది అద్దె వస్తుంటే అదీ కలుస్తుంది. లెక్కలోకి వచ్చేది బిల్లు మొత్తమే, చేతికి అందిన సొమ్ము కాదు. ఫ్రీలాన్స్ ప్లాట్‌ఫామ్ ద్వారా 1,000 డాలర్ల పని చేస్తే, ప్లాట్‌ఫామ్ 100 డాలర్ల కమిషన్ కోసుకుని 900 పంపుతుంది అనుకుందాం. టర్నోవర్ 1,000 డాలర్లే. బ్యాంకు పాస్‌బుక్కు చూసి లెక్క వేసుకునేవారికి పరిమితి దాటిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుంటే మిగతా కథ తేలికవుతుంది. విజయవాడలో ఉండి వెబ్‌సైట్లు రూపొందించే ఒక డిజైనర్ ఉన్నారనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆమెకు స్థానిక, హైదరాబాద్ క్లయింట్ల నుంచి 8 లక్షలు, జర్మనీలోని ఒక కంపెనీ నుంచి 9 లక్షల 20 వేలు వచ్చాయి. మొత్తం 17 లక్షల 20 వేలు. అక్టోబరు 10న అమెరికాలోని కొత్త క్లయింటుకు 4,000 డాలర్ల బిల్లు వేశారు. డాలరు 88 రూపాయలు అనుకుంటే అది 3 లక్షల 52 వేలు. ఆ రోజుతో టర్నోవర్ 20 లక్షల 72 వేలకు చేరింది, అంటే పరిమితి దాటింది. అక్కడి నుంచి 30 రోజుల్లోగా, నవంబరు 9 లోపు, ఆమె రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి.

గడువులో దరఖాస్తు చేస్తే రిజిస్ట్రేషన్ పరిమితి దాటిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది. గడువు దాటాక చేస్తే మంజూరైన రోజు నుంచి మాత్రమే వస్తుంది. ఆ మధ్య రోజులకు పన్ను బాధ్యత మాత్రం పోదు, ఇన్‌పుట్ క్రెడిట్ లాంటి సౌకర్యాలే పోతాయి. మొదటి 20 లక్షల మీద వెనక్కి వెళ్లి పన్ను కట్టాల్సిన పని లేదు, పరిమితి దాటిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్లో, gst.gov.in లో చేయాలి. ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు ఏమీ లేదు. పాన్, ఆధార్, ఫొటో, పనిచేసే చోటుకు చిరునామా రుజువు కావాలి. బ్యాంకు ఖాతా వివరాలు రిజిస్ట్రేషన్ వచ్చాక 30 రోజుల్లోగా, లేదా మొదటి GSTR-1 వేసేలోగా, ఏది ముందైతే అప్పటికి ఇవ్వాలి. ఇంటి నుంచే పనిచేసేవారు ఇంటి చిరునామానే వ్యాపార చిరునామాగా చూపవచ్చు. సొంతిల్లయితే కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో సరిపోతుంది. అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందంతో పాటు యజమాని పేరు మీదున్న కరెంటు బిల్లు జతచేయాలి. ఇల్లు తండ్రి పేరు మీదో భర్త పేరు మీదో ఉంటే వారి నుంచి సమ్మతి పత్రం తీసుకోవాలి. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఈ చిరునామా దగ్గరే. కరెంటు బిల్లులో పాత డోర్ నంబరు, అద్దె ఒప్పందంలో కొత్త డోర్ నంబరు ఉండటం మన ఊళ్లలో మామూలే. అధికారికి అవి రెండు వేర్వేరు ఇళ్లలా కనిపిస్తాయి. అప్పుడు REG-03 అనే నోటీసు వస్తుంది. 7 పని దినాల్లో జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. నోటీసు పోర్టల్లోనూ ఈమెయిల్లోనూ వస్తుంది కాబట్టి దరఖాస్తు పెట్టాక ఆ రెండూ రోజూ చూసుకోవడం మంచిది. ఆధార్ ధ్రువీకరణ జరిగి అంతా సవ్యంగా ఉంటే 7 పని దినాల్లో మంజూరవుతుంది. అధికారి చిరునామాను స్వయంగా తనిఖీ చేయాలనుకుంటే నెల దాకా పట్టవచ్చు.

మంజూరయ్యాక 15 అక్షరాల జీఎస్టీ నంబరు వస్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరే.

మన డిజైనర్ అక్టోబరు 20న దరఖాస్తు చేస్తే 28న నంబరు వచ్చిందనుకుందాం. రిజిస్ట్రేషన్ అక్టోబరు 10 నుంచే అమలు కాబట్టి, 10 నుంచి 28 దాకా వేసిన బిల్లులన్నీ ఇప్పుడు జీఎస్టీ బిల్లులు కావాలి. రిజిస్ట్రేషన్ వచ్చిన నెలలోగా వాటికి సవరించిన ఇన్‌వాయిస్‌లు ఇచ్చే వీలుంది. అక్టోబరు 15న హైదరాబాద్ కంపెనీకి 50 వేల బిల్లు వేసి ఉంటే, దాని మీద 9 వేల పన్ను చేరుతుంది. ఆ కంపెనీ ఇస్తే సరే, ఇవ్వకపోతే ఆమె జేబులోంచే కట్టాలి. అందుకే టర్నోవర్ 17, 18 లక్షలకు చేరగానే స్థానిక క్లయింట్లతో ‘ధరకు జీఎస్టీ అదనం’ అని రాతపూర్వకంగా ఒప్పుకోవడం తెలివైన పని. ఇక్కడ బాధ పెట్టేది విదేశీ బిల్లు కాదు, దేశీయ బిల్లే.

20 లక్షలు దాటకముందే స్వచ్ఛందంగా నమోదయ్యే వీలూ ఉంది. క్లయింట్లందరూ విదేశాల్లోనే ఉండి, ఖర్చుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి తెచ్చుకోవాలనుకునేవారికి అది ఉపయోగపడవచ్చు. కానీ నమోదైన రోజు నుంచి స్థానిక బిల్లు ప్రతిదాని మీదా, మొదటి రూపాయి నుంచే పన్ను వేయాలి, రిటర్నులు వేస్తూనే ఉండాలి. పక్క వీధి పచారీ దుకాణానికి, చిన్న ఆసుపత్రికి వెబ్‌సైట్లు చేసిపెట్టేవారు ఈ నిర్ణయం తొందరపడి తీసుకోకూడదు.

ఇక అసలు ప్రశ్న, ఏ బిల్లు ఎగుమతి అవుతుందన్నది. చట్టం అయిదు షరతులు పెట్టింది. సేవ అందించేవారు భారతదేశంలో ఉండాలి. పొందేవారు విదేశంలో ఉండాలి. సేవ అందిన చోటు చట్టం లెక్కన విదేశం కావాలి. డబ్బు విదేశీ మారకంలో, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన సందర్భాల్లో రూపాయల్లో రావాలి. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే సంస్థకు చెందిన రెండు శాఖలు కాకూడదు. మొదటిది, చివరిది ఫ్రీలాన్సర్లకు సాధారణంగా సమస్య కావు. మిగతా మూడింటి దగ్గర జాగ్రత్త కావాలి.

పొందేవారు ఎవరన్నది ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. పని అమెరికా కంపెనీ వెబ్‌సైట్‌దే కావచ్చు, జూమ్ సమావేశాల్లో మాట్లాడేది అమెరికా మేనేజరే కావచ్చు. ఒప్పందం, బిల్లు ఆ కంపెనీ హైదరాబాద్ అనుబంధ సంస్థ పేరు మీద ఉంటే మాత్రం అది దేశీయ సేవ. 18 శాతం పన్ను వేయాల్సిందే. పని మొదలుపెట్టేముందే బిల్లు ఎవరి పేరున వేయాలో, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుందో క్లయింటును అడిగి ఈమెయిల్లో రాబట్టుకోవాలి.

సేవ అందిన చోటు సాధారణంగా క్లయింటు ఉన్న చోటే. కోడింగ్, డిజైన్, రచన, సలహా లాంటి పనులన్నిటికీ ఇదే సూత్రం. భూమికి, భవనానికి సంబంధించిన పనులు మాత్రం ఆ ఆస్తి ఉన్న చోటే అందినట్టు లెక్క. డాలస్‌లో ఉంటున్న తెలుగువారు గుంటూరులో కట్టుకుంటున్న ఇంటికి ఇక్కడి ఆర్కిటెక్టు ప్లాను గీస్తే, డాలర్లలో డబ్బు వచ్చినా అది ఎగుమతి కాదు, ఇల్లు గుంటూరులో ఉంది కనుక. క్లయింటు పంపిన యంత్రాన్నో ఫోన్‌నో ఇక్కడ చేతిలో పెట్టుకుని పరీక్షించే లాంటి పనులకూ, పని జరిగిన చోటే లెక్క. మధ్యవర్తిత్వం మరో ప్రత్యేక విషయం. ఇద్దరి మధ్య బేరం కుదిర్చి కమిషన్ తీసుకునేవారి సేవ వారున్న చోటే అందినట్టు చట్టం చెబుతూ వచ్చింది, దానిపై ఏళ్లుగా వివాదాలు నడిచాయి. 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం ఈ నిబంధనను తీసేయాలని సిఫారసు చేసింది. విదేశీ విశ్వవిద్యాలయాలకు విద్యార్థులను చేర్పించి కమిషన్ తీసుకునేవారి లాంటి వాళ్లు తమ బిల్లు తేదీ నాటికి అమల్లో ఉన్న నిబంధన ఏదో చూసుకుని అడుగు వేయాలి. సొంతంగా ఒక పని చేసి దానికి డబ్బు తీసుకునే డిజైనరో ప్రోగ్రామరో మధ్యవర్తి కాదు.

డబ్బు వచ్చే దారి దగ్గర తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. న్యూజెర్సీలోని క్లయింటు మన తెలుగువాడే అయినప్పుడు, ‘డాలర్లు పంపితే ఛార్జీలు దండగ, మా నాన్నగారు హైదరాబాద్ నుంచి యూపీఐ చేస్తారు’ అంటాడు. వినడానికి ఇద్దరికీ లాభంగానే ఉంటుంది. కానీ దేశంలోని ఖాతా నుంచి దేశంలోని ఖాతాకు వచ్చిన రూపాయలు విదేశీ మారకం కావు. ఎగుమతి షరతు అక్కడికక్కడే తప్పుతుంది. రెండు లక్షల పని మీద 36 వేల పన్ను మీద పడుతుంది. మిగుల్చుకున్న బ్యాంకు ఛార్జీ దాంట్లో ఏ మూలకూ రాదు.

షరతులన్నీ సరిపోయాయంటే, సున్నా పన్నుతో బిల్లు వేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ముందు 18 శాతం పన్ను కట్టేసి తర్వాత రిఫండ్ అడగడం. రెండోది, పన్ను కట్టకుండానే ఎగుమతి చేస్తానని ప్రభుత్వానికి హామీపత్రం ఇవ్వడం. దీన్నే అందరూ ఎల్‌యూటీ అంటారు. ఫ్రీలాన్సర్లకు రెండోదే సరైనది. మొదటి దారిలో మన డిజైనర్ 4,000 డాలర్ల బిల్లుకు 63,360 రూపాయలు ముందే సర్దుకుని, రిఫండ్ కోసం ఎదురుచూడాలి.

ఎల్‌యూటీని పోర్టల్లో RFD-11 అనే ఫారంలో ఇస్తారు. లాగిన్ అయ్యాక దారి ఇది:

```
Services > User Services > Furnish Letter of Undertaking (LUT)
```

ఆర్థిక సంవత్సరం ఎంచుకుని, హామీల ఎదుట టిక్ పెట్టి, ఇద్దరు సాక్షుల పేరు, వృత్తి, చిరునామా రాసి, ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కో రిజిస్టరైన ఫోన్‌కో వచ్చే ఓటీపీతో సంతకం చేస్తే సరిపోతుంది. ఫీజు లేదు, బ్యాంకు గ్యారంటీ అక్కర్లేదు. రెండున్నర కోట్లకు మించిన పన్ను ఎగవేత కేసులో విచారణ ఎదుర్కొంటున్నవారు తప్ప నమోదైనవారంతా దీనికి అర్హులే. దరఖాస్తు అందినట్టు రసీదు నంబరు రాగానే ఎల్‌యూటీ ఆమోదం పొందినట్టే. ఆ రసీదును పీడీఎఫ్‌గా దాచుకోవాలి.

ఎల్‌యూటీ ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. దాన్ని బిల్లు వేయకముందే ఇవ్వాలి. మన డిజైనర్‌కు అక్టోబరు 10 నుంచి 28 దాకా జీఎస్టీ నంబరే లేదు కాబట్టి ఆ రోజుల్లో ఎల్‌యూటీ ఇవ్వడం అసాధ్యం. ఇలాంటి సందర్భాల్లో ఆలస్యాన్ని క్షమించి వెనకటి తేదీకీ ఎల్‌యూటీని వర్తింపజేయవచ్చని పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ అధికారులకు చెప్పింది. ఆ వెసులుబాటు ఉంది కదా అని ఊరుకోకుండా, నంబరు వచ్చిన రోజే RFD-11 నింపేయాలి.

ఈ హామీకి ఒక కాలపరిమితి ఉంది. బిల్లు తేదీ నుంచి ఏడాదిలోగా, లేదా విదేశీ మారక చట్టం కింద అంతకు మించి గడువు ఉంటే అప్పటిలోగా, డబ్బు రావాలి. రాకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో పన్నును 18 శాతం వడ్డీతో సహా కట్టాలి. క్లయింటు డబ్బు ఎగ్గొడితే కష్టం పోయినదానికి తోడు పన్ను కూడా నెత్తిన పడుతుందన్నమాట. కొత్త విదేశీ క్లయింటు దగ్గర సగం ముందుగా తీసుకోవాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

ఇన్‌వాయిస్‌లో ఉండాల్సినవి చట్టం స్పష్టంగా చెప్పింది. సేవ ఇచ్చేవారి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, వరుస నంబరు, తేదీ, క్లయింటు పేరు, చిరునామా, దేశం పేరు, సేవ వివరణ, దాని కోడ్, మొత్తం, సంతకం. క్లయింటుకు జీఎస్టీ నంబరు ఉండదు కాబట్టి ఆ గడి అక్కర్లేదు. వరుస నంబరు 16 అక్షరాలు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప వేరే గుర్తులు వాడకూడదు. EXP/25-26/001 అని పెట్టుకుంటే 13 అక్షరాలతో సరిపోతుంది. స్థానిక బిల్లులకు వేరే వరుస నడుపుకోవచ్చు.

సేవ కోడ్‌ను ఎస్ఏసీ అంటారు. సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ల రూపకల్పనకు 998314, అనువాదానికి 998395. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటనివారికి మొదటి నాలుగు అంకెలు చాలు, పై రెండు పనులకూ అది 9983 అవుతుంది.

వీటన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఒక వాక్యం. ఎల్‌యూటీ కింద ఎగుమతి చేస్తున్నట్టు ఇన్‌వాయిస్ మీద రాసి ఉండాలి:

```
SUPPLY MEANT FOR EXPORT UNDER LETTER OF UNDERTAKING
WITHOUT PAYMENT OF INTEGRATED TAX
```

విదేశీ క్లయింటుకు ఈ వాక్యంతో పనిలేదు, రిఫండ్ దరఖాస్తు చూసే అధికారి మాత్రం ముందు దీనికోసమే వెతుకుతారు. దాని పక్కనే ఎల్‌యూటీ రసీదు నంబరు కూడా వేస్తే ప్రశ్నలు తగ్గుతాయి. బిల్లును డాలర్లలో వేయవచ్చు, కింద రూపాయల విలువ కూడా చూపడం మంచి అలవాటు. సేవ పూర్తయిన 30 రోజుల్లోగా ఇన్‌వాయిస్ ఇవ్వాలి.

ఏ రేటుతో రూపాయల్లోకి మార్చాలన్నది తరచూ వచ్చే సందేహం. సరుకులకు కస్టమ్స్ శాఖ ప్రకటించే రేటు ఉంది. సేవలకు లెక్కల శాస్త్రం అంగీకరించిన పద్ధతిలో, పన్ను బాధ్యత ఏర్పడిన తేదీ నాటి రేటు తీసుకోవాలి. మామూలుగా అది ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు ముందే వస్తే డబ్బు వచ్చిన తేదీ. ఎక్కువమంది ఆ రోజు అధికారిక రెఫరెన్స్ రేటు వాడతారు. ఒక పద్ధతి ఎంచుకుంటే ఏడాది పొడవునా దాన్నే పాటించాలి.

బ్యాంకులో పడే సొమ్ము బిల్లుతో సరిపోదు, దానికి కంగారు పడాల్సిన పని లేదు. మన డిజైనర్ బిల్లు 4,000 డాలర్లు, 88 చొప్పున 3,52,000 రూపాయలు. దారిలో ఒక విదేశీ బ్యాంకు 25 డాలర్లు కోసుకుంది. మిగిలిన 3,975 డాలర్లను ఇక్కడి బ్యాంకు 87.60 చొప్పున మార్చింది. ఖాతాలో పడింది 3,48,210. తేడా 3,790 రూపాయలు. ఇందులో 1,600 మారకపు నష్టం, 2,190 బ్యాంకు ఛార్జీ. జీఎస్టీ రిటర్నులో చూపాల్సింది 3,52,000, ఖాతాలో పడిన సంఖ్య కాదు. తేడాను లెక్కల పుస్తకంలో ఆ రెండు పద్దుల కింద రాసుకోవాలి. ప్రతి బిల్లు పక్కనా ఇలా మూడు సంఖ్యలు, అంటే బిల్లు విలువ, అందిన సొమ్ము, తేడాకు కారణం, రాసి ఉంచుకుంటే రెండేళ్ల తర్వాత నోటీసు వచ్చినా పది నిమిషాల్లో జవాబు చెప్పవచ్చు.

డబ్బు విదేశం నుంచే వచ్చిందనడానికి బ్యాంకు ఇచ్చే పత్రం కావాలి. దాన్ని ఎఫ్ఐఆర్‌సీ అనో, ఎఫ్ఐఆర్ఏ అనో, విదేశీ చెల్లింపు సలహా పత్రమనో పిలుస్తారు. అందులో పంపినవారి పేరు, విదేశీ కరెన్సీ మొత్తం, మార్చిన రేటు, ఎందుకు వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ సలహా సేవలకు P0802 లాంటి కోడ్ పడాలి. కోడ్ అడిగినప్పుడు తొందరలో కుటుంబ పోషణకు వచ్చిన డబ్బుగా ఎంచుకుంటే, కాగితాల మీద ఆ డబ్బు ఎగుమతి రాబడి కాకుండా పోతుంది. తప్పు కనిపించిన వెంటనే బ్యాంకుకు రాసి సరిచేయించుకోవాలి. పేమెంట్ కంపెనీల ద్వారా వచ్చే డబ్బు ఖాతాలో రూపాయల్లోనే పడుతుంది. అప్పుడు పాస్‌బుక్కులో విదేశీ ఆనవాలు ఏమీ కనబడదు కాబట్టి, ఆ కంపెనీ నుంచి ఈ పత్రం నెలనెలా తీసి పెట్టుకోవడం మరీ ముఖ్యం.

రిటర్నులు రెండు. అమ్మకాల వివరాలు GSTR-1 లో, పన్ను లెక్క GSTR-3B లో. నెలనెలా వేసేవారికి తర్వాతి నెల 11, 20 తేదీలు గడువు. టర్నోవర్ 5 కోట్లు దాటనివారు మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలవారికీ గడువు త్రైమాసికం తర్వాతి నెల 13, 22 తేదీలు. స్థానిక బిల్లుల పన్ను ఉంటే దాన్ని మాత్రం నెలనెలా కట్టాలి. విదేశీ బిల్లులు GSTR-1 లో 6A పట్టికలోకి, పన్ను చెల్లించకుండా చేసిన ఎగుమతిగా వెళ్లాలి. సేవలకు షిప్పింగ్ బిల్లు ఉండదు కాబట్టి ఆ గడులు ఖాళీగా వదిలేయవచ్చు. GSTR-3B లో అదే మొత్తం 3.1(b) వరుసలో, సున్నా రేటు సరఫరాగా రావాలి. మినహాయింపు సరఫరాల వరుసలో వేస్తే ఇన్‌పుట్ క్రెడిట్‌కే ఎసరు వస్తుంది. ఆ కాలంలో ఒక్క బిల్లు వేయకపోయినా రిటర్ను వేయాల్సిందే. ఖాళీ రిటర్ను ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, ఖాళీ కానిదానికి 50 రూపాయలు రుసుము పడుతుంది.

నమోదైన ఫ్రీలాన్సరు విదేశీ ప్లాట్‌ఫామ్‌కు ఇచ్చే కమిషన్, విదేశీ సాఫ్ట్‌వేర్ చందా కూడా జీఎస్టీ లెక్కలోకి వస్తాయి. అవి సేవల దిగుమతి. పన్ను కట్టాల్సింది అమ్మినవారు కాదు, కొన్నవారే. ఇందాకటి 100 డాలర్ల కమిషన్ 8,800 రూపాయలైతే, దాని మీద 1,584 రూపాయలు నగదుగా కట్టాలి. క్రెడిట్‌తో సర్దుబాటు చేయకూడదు. కట్టాక అదే మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కొత్తగా నమోదైనవారు మొదటి ఏడాది మరచిపోయే పద్దు ఇదే.

కార్యాలయ అద్దె, ఇంటర్నెట్, చందాల మీద కట్టిన పన్ను ఇలా క్రెడిట్‌గా పోగవుతుంది. మన డిజైనర్‌కు స్థానిక క్లయింట్లూ ఉన్నారు కాబట్టి ఆ క్రెడిట్ వారి బిల్లుల పన్నులో కలిసిపోతుంది. త్రైమాసికంలో స్థానిక బిల్లులు 3 లక్షలైతే కట్టాల్సిన పన్ను 54 వేలు, క్రెడిట్ 9 వేలు ఉంటే 45 వేలు కడితే చాలు. రిఫండ్ కోసం ప్రత్యేకంగా దరఖాస్తు అవసరం పడదు. అందరూ విదేశీ క్లయింట్లే ఉన్నవారికి క్రెడిట్ వాడుకునే చోటు ఉండదు, వారు RFD-01 ఫారంలో రెండేళ్లలోగా రిఫండ్ అడగవచ్చు. బిల్లులు, బ్యాంకు పత్రాలు, ఎల్‌యూటీ రసీదు అప్పుడే పనికొస్తాయి. లాప్‌టాప్ లాంటి మూలధన వస్తువుల మీద కట్టిన పన్ను ఈ రిఫండ్‌లోకి రాదు. ఖరీదైన కంప్యూటరు కొని ఆ పన్నంతా వెనక్కి వస్తుందని లెక్కలు వేసుకునేవారికి ఇది ముందే తెలియాలి.

మార్చి 31తో ఎల్‌యూటీ కాలం తీరుతుంది. మార్చిలో చేసిన పనికి ఏప్రిల్ 3న బిల్లు వేస్తే, అది కొత్త సంవత్సరపు బిల్లు, దానికి కొత్త ఎల్‌యూటీ కావాలి. కొత్త సంవత్సరం ఎల్‌యూటీ ఫారం ఏప్రిల్ కన్నా ముందే పోర్టల్లో తెరుచుకుంటుంది కాబట్టి, మార్చి చివరి వారంలోనే దాన్ని నింపి, ఇన్‌వాయిస్ నమూనాలో పాత రసీదు నంబరు తీసి కొత్తది వేసుకోవాలి. వరుస నంబరు EXP/26-27/001 నుంచి మళ్లీ మొదలవుతుంది.